1.56 నుంచి 1.41 వరకు: గాఢత మారితే సెల్ వోల్టేజీ ఎంత మారుతుంది, ఎందుకు మారుతుంది

ఇంటర్ రెండో ఏడాది ఎలక్ట్రోకెమిస్ట్రీలో అందరికీ కంఠతా వచ్చే సూత్రం నెర్న్‌స్ట్ సమీకరణం. విజయవాడలోనైనా గుంటూరులోనైనా ఏ జూనియర్ కాలేజీ స్టడీ అవర్‌కి వెళ్లి అడిగినా 0.0591 అనే అంకె తడుముకోకుండా చెప్పేస్తారు. మార్కులు మాత్రం అక్కడ పోవు. ఆ అంకె పక్కనున్న లాగ్ లోపల ఏం రాయాలన్న దగ్గరే పోతాయి. పైకి ఏది ఎక్కాలి, కిందికి ఏది రావాలి, ఘాతం ఎంత అన్నది తేలకుండానే గుణకారంలోకి దిగిపోతారు. ఈ వ్యాసంలో ఒకే సెల్‌ను తీసుకుని చివరిదాకా దానితోనే నడుద్దాం. ముందు కాగితం మీద లెక్క, తర్వాత అదే సెల్‌ను ల్యాబ్ బల్ల మీద పెడితే ఏమవుతుందో చూద్దాం.

సెల్ ఇది. ఒక బీకరులో 0.1 మోలార్ జింక్ నైట్రేట్ ద్రావణం, అందులో జింక్ రేకు. రెండో బీకరులో 0.001 మోలార్ సిల్వర్ నైట్రేట్, అందులో వెండి తీగ. రెంటినీ కలుపుతూ సాల్ట్ బ్రిడ్జ్. పుస్తకం పద్ధతిలో రాస్తే ఇలా ఉంటుంది:

Zn | Zn²⁺ (0.1 M) || Ag⁺ (0.001 M) | Ag

పట్టికలో వెండి ప్రమాణ క్షయకరణ పొటెన్షియల్ +0.80 వోల్టులు, జింక్‌ది −0.76 వోల్టులు. క్యాథోడ్ విలువలోంచి యానోడ్ విలువ తీసేస్తే 1.56 వోల్టులు వస్తుంది. అయితే ఆ 1.56 రెండు బీకర్లలోనూ అయాన్లు ఒక్కో మోలార్ ఉన్నప్పటి మాట. మన బీకర్లలో జింక్ పదోవంతే ఉంది, వెండి వెయ్యోవంతే ఉంది. కాబట్టి మీటరు 1.56 చూపదు. ఎంత చూపుతుందన్నదే ప్రశ్న.

దీనికి జవాబు 1889లో జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ నెర్న్‌స్ట్ ఇచ్చారు. ఆయనకు 1920 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది థర్మోకెమిస్ట్రీలో చేసిన కృషికి. అయినా విద్యార్థులకు ఆయన పేరు తెలిసింది మాత్రం ఈ సమీకరణం వల్లే.

సమీకరణం గాల్లోంచి ఊడిపడలేదు. ఏ చర్యకైనా గిబ్స్ శక్తి మార్పు గాఢతల మీద ΔG = ΔG° + RT ln Q అన్న తీరులో ఆధారపడుతుంది. సెల్ చేసే గరిష్ఠ విద్యుత్ పని nFE, అంత మేరకు గిబ్స్ శక్తి తగ్గుతుంది కాబట్టి ΔG = −nFE. మొదటి దానిలో రెండోది పెట్టి −nF తో భాగిస్తే:

E = E° − (RT/nF) ln Q

సహజ సంవర్గమానాన్ని 10 ఆధారంగా ఉన్న లాగ్‌లోకి మార్చి 25 డిగ్రీల దగ్గర విలువలు వేస్తే:

E = E° − (0.0591/n) log Q

ఇందులో R, F మారవు. n అంటే బదిలీ అయ్యే ఎలక్ట్రాన్ల సంఖ్య. అన్ని గాఢతలూ ఒక్కో మోలార్ అయితే Q విలువ 1, దాని లాగ్ సున్నా, అప్పుడు E, E° ఒకటే అవుతాయి. అంటే ప్రమాణ స్థితి అన్నది వేరే సూత్రం కాదు, దిద్దుబాటు సున్నా అయిన సందర్భం, అంతే.

ఇక అసలు సంగతి Q. చర్యను సరిగ్గా తుల్యం చేసి రాయకుండా Q రాయడానికి ప్రయత్నించకూడదు. ఇక్కడ చర్య:

Zn + 2Ag⁺ → Zn²⁺ + 2Ag

ఘన లోహాలకు Q లో చోటు లేదు. రేకు పెద్దదైనా చిన్నదైనా వోల్టేజీ మారదు కాబట్టి వాటి విలువ 1 కింద లెక్క. మిగిలింది అయాన్లే. ఏర్పడేది పైన, ఖర్చయ్యేది కింద. వెండి అయాన్ ముందు 2 ఉంది కాబట్టి దాని గాఢతకు వర్గం:

Q = [Zn²⁺] / [Ag⁺]² = 0.1 / (0.001)² = 10⁵

జింక్ వదిలే ఎలక్ట్రాన్లు రెండు కాబట్టి n = 2.

E = 1.56 − (0.0591/2) × 5 = 1.56 − 0.148 = 1.412 V

కాల్క్యులేటర్ అనుమతించని ఈఏపీసెట్ లాంటి పరీక్షల్లో ఇచ్చే గాఢతలు చాలాసార్లు పది ఘాతాల్లోనే ఉంటాయి. లాగ్ నోటితోనే వచ్చేస్తుంది. తేడా వచ్చేదల్లా ఘాతం దగ్గరే.

ఈ లెక్కను ఇంకో దారిలో కూడా చేయొచ్చు. చాలామంది ఉపాధ్యాయులు ముందు దీన్నే చెబితే బాగుంటుందనిపిస్తుంది. రెండు ఎలక్ట్రోడ్‌లనూ విడివిడిగా దిద్దాలి. ఏ లోహ ఎలక్ట్రోడ్‌కైనా E = E° + (0.0591/n) log [అయాన్]. వెండికి 0.80 + 0.0591 × (−3), అంటే 0.623 వోల్టులు. జింక్‌కు −0.76 + 0.0295 × (−1), అంటే దాదాపు −0.790. తీసివేస్తే 1.413. మూడో దశాంశంలో కనిపించే ఆ చిన్న తేడా సవరించి రాయడం వల్ల వచ్చిందే. ఈ దారిలో రెండు లాభాలున్నాయి. వర్గం మర్చిపోయే అవకాశమే లేదు, ఎందుకంటే వెండి ఎలక్ట్రోడ్‌కు n = 1. పైగా ఏ బీకరు వల్ల ఎంత మార్పు వచ్చిందో కళ్లముందు ఉంటుంది. వెండి వైపు 177 మిల్లీవోల్టులు పడిపోయింది, జింక్ వైపు పలుచదనం వల్ల 30 మిల్లీవోల్టులు కలిసొచ్చింది. నికరంగా 148 తగ్గింది.

తప్పు లెక్కలు ఎలా ఉంటాయో కూడా చూడాలి, ఎందుకంటే ప్రశ్నపత్రంలో మిగతా ఆప్షన్లు అవే. వర్గం వేయకపోతే Q = 100 అవుతుంది, జవాబు 1.501 వస్తుంది. Q తిరగేస్తే లాగ్ విలువ −5 అయి 1.708 వస్తుంది. చర్యలో వెండికి 2 ఉందని 0.80ని కూడా రెండుతో గుణిస్తే E° ఏకంగా 2.36కి పోతుంది. సహజ లాగ్ వేసి 0.0591నే వాడితే 1.22 వస్తుంది. ఈ నాలుగూ చూడ్డానికి సరైన జవాబుల్లాగే ఉంటాయి.

వీటిలో తిరగేసిన జవాబును లెక్కే అవసరం లేకుండా పట్టుకోవచ్చు. ఖర్చు కావాల్సిన వెండి అయాన్లు బాగా తక్కువగా ఉన్నాయి. చర్యకు ముందుకు తోసే బలం తగ్గాలి తప్ప పెరగకూడదు. కాబట్టి జవాబు 1.56 కన్నా తక్కువే ఉండాలి, 1.708 అసాధ్యం. లెక్క మొదలుపెట్టే ముందే వోల్టేజీ పెరగాలా తగ్గాలా అని ఒక్క క్షణం ఆగి తేల్చుకోవడం మంచి అలవాటు. E°ని గుణించడం తప్పెందుకంటే, వోల్టు అంటే ఒక్కో కూలుంబ్‌కు వచ్చే శక్తి. రెండు మోల్‌ల వెండి చర్యలో పాల్గొంటే శక్తి రెట్టింపవుతుంది, ఆవేశమూ రెట్టింపవుతుంది, నిష్పత్తి అలాగే ఉంటుంది.

n కూడా అలాంటిదే. చర్యను సగం చేసి ½Zn + Ag⁺ → ½Zn²⁺ + Ag అని రాస్తే n ఒకటి అవుతుంది. Q కూడా వర్గమూలమై 10^2.5 అవుతుంది. 0.0591 × 2.5 అన్నా అదే 0.148. n, Q రెండూ ఒకే చర్యలోంచి తీసుకున్నంతవరకు ఎలా రాసినా ఇబ్బంది లేదు. ఒకటి ఒక చర్యలోంచి, రెండోది మరో చర్యలోంచి తీసుకుంటేనే లెక్క పాడవుతుంది.

ఇప్పుడు బల్ల మీదికి వద్దాం. మొదటి చిక్కు సిల్వర్ నైట్రేట్ తూకం. 100 మిల్లీలీటర్ల 0.001 మోలార్ ద్రావణానికి కావాల్సింది 0.017 గ్రాములు. మామూలు కాలేజీ త్రాసు దాన్ని నమ్మకంగా తూచలేదు. అందుకే 1.70 గ్రాములు తూచి 100 మిల్లీలీటర్లలో 0.1 మోలార్ ద్రావణం చేసుకుని, అందులోంచి పిపెట్‌తో 1 మిల్లీలీటరు తీసి 100కి పలుచన చేస్తారు. ఇందులో పది శాతం పొరపాటు వచ్చినా లాగ్ వల్ల రీడింగు రెండున్నర మిల్లీవోల్టులే కదులుతుంది.

రెండో చిక్కు సాల్ట్ బ్రిడ్జ్. డేనియల్ సెల్‌కు అలవాటైన చేత్తో ఇక్కడ కూడా పొటాషియం క్లోరైడ్, అగర్ అగర్ గొట్టం పెట్టేస్తారు. గొట్టం కొన దగ్గర తెల్లటి పొర కడుతుంది. అది సిల్వర్ క్లోరైడ్. అసలే పలుచగా ఉన్న వెండి అయాన్లను అది లాగేసుకుంటుంది, రీడింగు నెమ్మదిగా జారుతూ పోతుంది. వెండి ఉన్న సెల్‌కు పొటాషియం నైట్రేట్‌తోనో అమ్మోనియం నైట్రేట్‌తోనో చేసిన బ్రిడ్జ్ వాడాలి.

ఇక మా వైపు ఎండల సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. బెజవాడలో మే నెలలో ఏసీ లేని ల్యాబ్‌లో ద్రావణం 40 డిగ్రీలకు చేరితే ఆశ్చర్యం లేదు. అప్పుడు 0.0591 చెల్లదని చాలామందికి తెలుసు. ఉష్ణోగ్రత 313 కెల్విన్ కాబట్టి ఆ అంకె 0.0621 అవుతుంది. దాన్ని వేసుకుంటే దిద్దుబాటు 0.148 బదులు 0.155, జవాబు 1.405. ఏడు మిల్లీవోల్టులు తగ్గిందని రాసి ఊరుకుంటారు.

కానీ అసలు మార్పు అంతకంటే చాలా ఎక్కువ. పట్టికలోని 0.80, −0.76 కూడా 25 డిగ్రీల విలువలే. E° ఉష్ణోగ్రతతో ఎంత మారుతుందో చర్య ఎంట్రోపీ చెబుతుంది. ఒక్కో డిగ్రీకి మార్పు ΔS°/nF. ఈ చర్యలో నీటిలో తిరిగే రెండు వెండి అయాన్లు పోయి, రెట్టింపు ఆవేశంతో చుట్టూ నీటి అణువులను బిగించి పట్టుకునే ఒక్క జింక్ అయాన్ వస్తుంది. కాబట్టి ఎంట్రోపీ బాగా పడిపోతుంది. మోల్ చర్యకు సుమారు 214 జౌళ్లు/కెల్విన్ తగ్గుతుంది. దాన్ని 2 × 96485తో భాగిస్తే డిగ్రీకి దాదాపు 1.1 మిల్లీవోల్టుల తగ్గుదల. పదిహేను డిగ్రీలకు సుమారు 17 మిల్లీవోల్టులు. అంటే 40 డిగ్రీల దగ్గర E° దాదాపు 1.543, దిద్దుబాటు తర్వాత E సుమారు 1.388. మొత్తం తగ్గుదల 24 మిల్లీవోల్టులు. అందులో లాగ్ ముందున్న అంకె మార్చడం వల్ల వచ్చింది మూడోవంతు కూడా లేదు.

జింక్, రాగి ఉన్న డేనియల్ సెల్‌లో ఈ బాధ పెద్దగా ఉండదు. అక్కడ ఒక రెండు ఆవేశాల అయాన్ పోయి మరో రెండు ఆవేశాల అయాన్ వస్తుంది. E° డిగ్రీకి 0.1 మిల్లీవోల్టు మాత్రమే మారుతుంది. డేనియల్ సెల్‌తో వేసవిలో కూడా బాగానే కుదిరిన లెక్క వెండి సెల్‌తో ఎందుకు కుదరలేదో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇంకో పరిమితి ఉంది, దీన్ని తొందరగా చెప్పేసుకోవచ్చు. లాగ్‌లో నిజానికి ఉండాల్సింది గాఢత కాదు, క్రియాశీలత. 0.1 మోలార్ జింక్ నైట్రేట్‌లో అయాన్లు ఒకదాన్నొకటి పట్టుకుని లాగడం వల్ల జింక్ 0.053 మోలార్ ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. దీనివల్ల మన సెల్ వోల్టేజీ ఏడెనిమిది మిల్లీవోల్టులు పైకి పోతుంది. వెండి పలుచగా ఉంది కాబట్టి అటువైపు తేడా ఒక మిల్లీవోల్టుకు అటూఇటూ. అదే జింక్ నైట్రేట్ బదులు జింక్ సల్ఫేట్ వాడితే క్రియాశీలతా గుణకం 0.15కి పడిపోతుంది, తేడా పాతిక మిల్లీవోల్టుల దాకా వస్తుంది. పరీక్షలో దీన్ని వదిలేయొచ్చు. మిల్లీవోల్టుల దాకా సరిచూడాలనుకునేవాళ్లు మాత్రం వదలకూడదు.

ఇవన్నీ పదుల మిల్లీవోల్టుల లోపు తేడాలు. ల్యాబ్‌లో ఒక్కోసారి రీడింగు 1.41 రావాల్సిన చోట 1.15 వస్తుంది. దానికి ఎండా కారణం కాదు, మీటరూ కారణం కాదు. చాలాసార్లు కారణం నీళ్లు. స్వేదనజలం క్యాన్ అయిపోయిందని కుళాయి నీళ్లో బోరు నీళ్లో పట్టి సిల్వర్ నైట్రేట్‌ను పలుచన చేసి ఉంటారు. బీకరును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే ద్రావణం పాలు కలిపినట్టు ఉంటుంది. ఆ మసక ఎంత వోల్టేజీ తినేస్తుందో నెర్న్‌స్ట్ సమీకరణంతోనే లెక్క కట్టొచ్చు.

తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం క్లోరైడ్ ఆమోదనీయ పరిమితి లీటరుకు 250 మిల్లీగ్రాములు. సరిగ్గా ఆ పరిమితి దగ్గరున్న నీళ్లు అనుకుందాం. 35.5తో భాగిస్తే లీటరుకు 0.007 మోల్‌లు. వెండి 0.001 మోలార్ మాత్రమే ఉంది, కాబట్టి దాదాపు వెండి అంతా సిల్వర్ క్లోరైడ్ అయిపోతుంది, ఇంకా 0.006 మోలార్ క్లోరైడ్ మిగులుతుంది. సిల్వర్ క్లోరైడ్ ద్రావణీయతా లబ్ధం 1.8 × 10⁻¹⁰. మిగిలిన వెండి అయాన్ల గాఢత:

[Ag⁺] = 1.8 × 10⁻¹⁰ / 0.006 = 3 × 10⁻⁸ M

వెండి ఎలక్ట్రోడ్‌కు ఇప్పుడు 0.80 + 0.0591 × log (3 × 10⁻⁸), అంటే 0.80 − 0.445 = 0.355 వోల్టులు. జింక్ వైపు మార్చలేదు, అక్కడ −0.79. సెల్ వోల్టేజీ 1.145. సీసా మీద రాసిన గాఢత ఇంకా 0.001 మోలారే. సమీకరణం చూసేది సీసా మీది కాగితాన్ని కాదు, ద్రావణంలో స్వేచ్ఛగా ఉన్న అయాన్లను.

నీళ్లలో క్లోరైడ్ తక్కువగా ఉంటే ఏమవుతుంది? లీటరుకు 25 మిల్లీగ్రాములు ఉందనుకోండి, అంటే 0.0007 మోలార్. అది వెండిలో కొంత భాగాన్నే లాగగలదు, ఇంకా 0.0003 మోలార్ వెండి మిగులుతుంది. ఎలక్ట్రోడ్ 0.592కి వస్తుంది, సెల్ 1.382 చూపుతుంది. తగ్గింది ముప్ఫై మిల్లీవోల్టులే, ఎండ వల్ల వచ్చిన తేడాలో కలిసిపోయేంత. లీటరుకు 35.5 మిల్లీగ్రాములైతే వెండి, క్లోరైడ్ సరిసమానం. అప్పుడు వెండి గాఢత 1.8 × 10⁻¹⁰ వర్గమూలం, అంటే 1.3 × 10⁻⁵. సెల్ 1.30 చూపుతుంది. క్లోరైడ్ 25 నుంచి 35.5కి వెళ్లేసరికి 80 మిల్లీవోల్టులు పడిపోయింది. ఆ సమాన బిందువు దాటాక 250 దాకా వెళ్లినా పడింది దాదాపు 160. మధ్యలో ఒక్కసారిగా జారే ఈ వాలునే పట్టుకుని రంగు సూచిక లేకుండా మీటరుతో వెండి, క్లోరైడ్‌ల అంశమాపనం చేస్తారు.

అలా చూస్తే చెడిపోయిందనుకున్న ఆ 1.145 రీడింగు పనికిరానిదేం కాదు. వెనక్కి నడిపించొచ్చు. 1.145లోంచి జింక్ వైపు 0.79 తీసేస్తే వెండి ఎలక్ట్రోడ్ 0.355. దాన్ని 0.80 నుంచి తీసి 0.0591తో భాగిస్తే 7.53 వస్తుంది, అంటే వెండి 3 × 10⁻⁸ మోలార్. ద్రావణీయతా లబ్ధాన్ని దీనితో భాగిస్తే మిగిలిన క్లోరైడ్ 0.006 మోలార్. అవక్షేపంలోకి పోయిన 0.001 కలిపితే 0.007. 35.5తో గుణిస్తే లీటరుకు దాదాపు 250 మిల్లీగ్రాములు. వెండి తీగ, జింక్ రేకు, మల్టీమీటరుతో కుళాయి నీటి క్లోరైడ్ తెలిసిపోయినట్టే.

ఎంత నమ్మొచ్చన్నది కూడా అదే సమీకరణం చెబుతుంది. వెండి వైపు ఒక్క మిల్లీవోల్టు తేడా వస్తే గాఢతలో నాలుగు శాతం తేడా వచ్చినట్టు. పది మిల్లీవోల్టులు తప్పితే గాఢత దాదాపు ఒకటిన్నర రెట్లు తప్పుతుంది. ముందుకు లెక్క వేసేటప్పుడు మన తప్పుల్ని అణచిపెట్టిన లాగ్, వెనక్కి నడిపినప్పుడు వాటిని అంతకంత పెంచి చూపుతుంది. కాబట్టి ఈ పని చేసేవాళ్లు పట్టికలోని 0.80, −0.76లను నేరుగా వాడరు. ముందు స్వేదనజలంతో చేసిన 0.001 మోలార్ సిల్వర్ నైట్రేట్‌తో అదే తీగ, అదే రేకు, అదే బ్రిడ్జ్, అదే రోజు ఉష్ణోగ్రత దగ్గర ఒక రీడింగు తీసుకుంటారు. తర్వాత కుళాయి నీటి రీడింగును దాంట్లోంచి తీసివేస్తారు. జింక్ క్రియాశీలత, వేసవికి జారిన E°, బ్రిడ్జ్ కొనల దగ్గర పుట్టే కొన్ని మిల్లీవోల్టులు రెండు రీడింగుల్లోనూ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి తీసివేతలో పోతాయి. మిగిలేది రెండు వెండి గాఢతల నిష్పత్తికి లాగ్, దాని ముందు ఆ రోజు ఉష్ణోగ్రతకు తగిన అంకె. 25 డిగ్రీల దగ్గరైతే 0.0591, మే నెల మధ్యాహ్నమైతే 0.0621. ఎండలో పని చేసేటప్పుడు సిల్వర్ క్లోరైడ్ ద్రావణీయతా లబ్ధం కూడా 25 డిగ్రీల విలువ కన్నా పెరిగి ఉంటుంది. ఆ ఒక్కటీ తీసివేతలో పోదు. దానికి ఆ ఉష్ణోగ్రత విలువనే వాడాలి, లేదా క్లోరైడ్ ఎంతుందో తెలిసిన ఉప్పు ద్రావణంతో ఇంకో రీడింగు తీసి సరిచూసుకోవాలి.